ఆన్‌కాల్ రాత్రి లెక్క: ఏ నిమిషం పని, ఏ నిమిషం కాదు

ప్రశ్న: "నేను మెషీన్లు సర్వీస్ చేసే టెక్నీషియన్‌ని. నాలుగు వారాలకోసారి ఆన్‌కాల్ వారం పడుతుంది. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఫోన్ దగ్గర పెట్టుకోవాలి, పిలిస్తే గంటలో కస్టమర్ దగ్గర ఉండాలి. కంపెనీ మాత్రం మెషీన్ మీద చెయ్యి వేసిన నిమిషాలే లెక్క రాస్తోంది. ఎదురుచూసే టైమ్, ప్రయాణం, రాత్రిపూట గ్రూప్‌లో మెసేజ్‌లు ఇవేవీ పని గంటల్లోకి రావా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. రాత్రి పిలిస్తే కస్టమర్ దగ్గరికి వెళ్లిరావడం పని గంటల్లోకే వస్తుందని గట్టిగా వాదించొచ్చు. మెసేజ్‌లకు మీరు కూర్చుని జవాబిచ్చిన టైమ్ కూడా వస్తుంది. ఉత్తినే ఎదురుచూసిన టైమ్ మాత్రం, మీరు చెప్పిన "గంటలో" అనే షరతు ఒక్కదానితో, మొత్తంగా రావడం కష్టం. చాలామంది ఆ కష్టమైన దాన్నే పట్టుకుని పోరాడి, తేలిగ్గా రావాల్సిన మిగతా రెండూ వదిలేసుకుంటారు. నేను కొన్నేళ్లు మీలాగే టూల్‌కిట్ మోసి, తర్వాత రోస్టర్లు వేసే సీట్లో కూర్చున్నవాణ్ణి. రెండు వైపులా చూసి చెప్తున్నాను.

"పని చేశావా లేదా" అనే ప్రశ్న దగ్గరే కంపెనీలు మనల్ని ఆపేస్తాయి. చట్టం అడిగే ప్రశ్న అది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో దుకాణాలు, ఆఫీసుల పని గంటల మీద చేసిన ఒప్పందంలో, ఉద్యోగి యజమాని అధీనంలో ఉన్న సమయాన్నే పని గంటలు అన్నారు. అంటే చెయ్యి కదిలిందా అన్నది కాదు, ఆ సమయం ఎవరి చేతిలో ఉందన్నది. మీరు అడిగిన మూడింటికీ ఇదొక్కటే కొలబద్ద. దేశాన్ని బట్టి వివరాలు మారతాయి, మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన మాట కూడా చూడాలి. కానీ ఈ ప్రశ్న పట్టుకుంటే దారి తప్పరు.

ఎదురుచూపుతో మొదలుపెడదాం. అమెరికాలో 1944లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, ఫ్యాక్టరీలో మంటలు వస్తే ఆర్పడానికి కొందర్ని రాత్రంతా అక్కడే ఉంచేవారు. పగలు ఎనిమిది నుంచి ఐదు దాకా మామూలు పని, ఆ తర్వాత మర్నాడు పొద్దుటిదాకా ఫైర్‌హాల్లో ఉండడం. అలారం మోగకపోతే కాలక్షేపం చేసేవారు, పడుకునేవారు. ఆ కంపెనీ కూడా మీ కంపెనీలాగే అడిగింది, వాళ్లు ఏం పని చేశారని? కోర్టు జవాబు సారాంశం ఇది: ఏమీ చెయ్యకుండా, ఏదైనా జరిగేదాకా కాచుకుని ఉండడానికే ఒక మనిషిని పెట్టుకోవచ్చు, కాచుకుని ఉండడమే అతని పని. అయితే పడుకున్న, భోంచేసిన టైమ్‌కి కింది కోర్టు డబ్బు ఇప్పించలేదు, అది అలాగే నిలిచింది. అందుకని అక్కడ నేటికీ ఒక తేడా చెప్తారు: ఎదురుచూడ్డానికే పెట్టుకున్నారా, లేక పని వస్తే పిలుస్తామని ఇంటికి పంపారా?

మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి రెండో రకం కిందికి వెళ్తారని కంపెనీ అంటుంది. ఇల్లు అన్నంత మాత్రాన తేలిపోదు. యూరప్‌లో 2018లో తేలిన కేసు చూడండి. బెల్జియంలో ఒక వాలంటీర్ ఫైర్‌మన్ ఇంట్లోనే ఉండొచ్చు, కానీ పిలిస్తే ఎనిమిది నిమిషాల్లో స్టేషన్‌కి చేరాలి. ఎనిమిది నిమిషాల్లో అంటే స్నానం మధ్యలో ఉండకూడదు, పిల్లాణ్ణి బడి నుంచి తేవడానికి వెళ్లకూడదు. ఆ ఎదురుచూపు అంతా పని సమయమే అని యూరప్ కోర్టు తేల్చింది. 2021లో మరో కేసు, ఇది మీ పరిస్థితికి చాలా దగ్గర. స్లొవేనియాలో కొండ మీద ఉన్న ట్రాన్స్‌మిటర్ దగ్గర పనిచేసే టెక్నీషియన్, పిలిస్తే గంటలో అక్కడ ఉండాలి. ఇల్లు దూరం కావడంతో అక్కడే గదిలో ఉండేవాడు. చుట్టూ చేయడానికి ఏమీ లేదు, అందుకే నా సమయం నాది కాదన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. కొండ మీద వినోదం లేకపోవడం కంపెనీ పెట్టిన ఆంక్ష కాదు, కంపెనీ పెట్టిన షరతులు మీ టైమ్‌ని ఎంత బిగించాయో అదే చూడాలంది. ఆ బిగింపుని మూడు విధాలుగా కొలవమంది: స్పందించడానికి ఇచ్చిన వ్యవధి ఎంత, సగటున ఎన్నిసార్లు పిలుస్తారు, పిలిచినప్పుడు ఎంతసేపు పడుతుంది.

ఇక్కడే మీకు పట్టు దొరకొచ్చు. వారానికి ఒకటి రెండు కాల్స్, గంట వ్యవధి ఉంటే ఎదురుచూపు మీ సొంత టైమే అని చాలాచోట్ల తేలుతుంది. అదే గంట వ్యవధితో రాత్రికి నాలుగైదుసార్లు ఫోన్ మోగితే లెక్క వేరు. కాగితం మీద గంట అని రాసి, పది నిమిషాల్లో ఎత్తకపోతే మర్నాడు మీటింగ్‌లో నిలబెట్టే చోట అసలు వ్యవధి పది నిమిషాలే. మా దగ్గర అదే జరిగేది. రోస్టర్‌లో "సహేతుక సమయంలో" అని ఉండేది. ఒకసారి ఒకతను పన్నెండు నిమిషాలకి తిరిగి ఫోన్ చేస్తే, "ఇంత ఆలస్యమా" అని మేనేజర్ గ్రూప్‌లోనే పెట్టాడు. తర్వాత గొడవ అయినప్పుడు మా పక్షాన నిలిచింది ఆ మెసేజ్ స్క్రీన్‌షాటే, రోస్టర్ కాదు.

కాబట్టి వెయిటింగ్ గురించి వాదించే ముందు మూడు నెలల లెక్క పెట్టండి. ఒక చిన్న నోట్‌బుక్ చాలు. ఏ రాత్రి ఎన్ని కాల్స్, ఎన్ని నిమిషాలకి ఎత్తారు, ఎంతసేపు పట్టింది. ఒక కాలమ్ అదనంగా పెట్టుకోండి: "ఆ రాత్రి ఏం మానుకున్నాను". పెళ్లికి వెళ్లలేదు, మందు తాగలేదు, సినిమాకి వెళ్లలేదు, ఫోన్ బాత్‌రూమ్‌లోకి ప్లాస్టిక్ కవర్లో పట్టుకెళ్లాను. చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, టైమ్ ఎవరి చేతిలో ఉందో చెప్పే సాక్ష్యాలు ఇవే. మూడు నెలల తర్వాత సంఖ్య తక్కువ వస్తే ఆ వాదన పక్కన పెట్టండి, నిరాశపడక్కర్లేదు. ఎక్కువ వస్తే మీ చేతిలో ఆయుధం ఉన్నట్టే.

ఒక చిక్కు చెప్పాలి. యూరప్ తీర్పులు తేల్చింది పని గంటలు, విశ్రాంతి గురించి. జీతం గురించి కాదు. ఎదురుచూపు పని సమయమే అని తేలినా, దానికి మామూలు గంటకి ఇచ్చినంత ఇవ్వాలని ఆ చట్టం చెప్పదు. రేటు దేశపు చట్టం, కాంట్రాక్టు నిర్ణయిస్తాయి. రెండూ కలిపేసి అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు సుఖంగా తప్పించుకుంటారు. "గంటల్లో చేర్చండి" అన్నది ఒక కోరిక, "దానికి ఇంత ఇవ్వండి" అన్నది ఇంకోటి. విడివిడిగా అడగండి.

ఇప్పుడు ప్రయాణం. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లేది దాదాపు ఎక్కడా పని గంట కాదు. రెండు గంటలు పట్టినా అంతే, ఇల్లు ఎక్కడ పెట్టుకున్నామన్నది మన ఇష్టం కాబట్టి. డ్యూటీ మధ్యలో ఒక కస్టమర్ దగ్గర్నుంచి ఇంకో కస్టమర్ దగ్గరికి వెళ్లేది పని గంటే, దీని మీద పెద్ద తగాదా ఉండదు. తగాదా అంతా మధ్యలో ఉంటుంది. స్పెయిన్‌లో సెక్యూరిటీ అలారాలు బిగించే ఒక కంపెనీ 2011లో ప్రాంతీయ ఆఫీసులు మూసేసింది. ముందు రోజు రాత్రి ఫోన్‌లో లిస్టు పంపేది, టెక్నీషియన్లు ఇంటి నుంచే నేరుగా మొదటి కస్టమర్ దగ్గరికి వెళ్లేవారు, ఒక్కోసారి వంద కిలోమీటర్లకి పైన. ఆఫీసు ఉన్నప్పుడు అక్కడి నుంచి కస్టమర్ దగ్గరికి వెళ్లే టైమ్ లెక్కలో ఉండేది, మూసేశాక పోయింది. యూరప్ కోర్టు 2015లో, స్థిరమైన ఆఫీసు లేని ఉద్యోగికి ఇంటి నుంచి మొదటి కస్టమర్ దాకా, చివరి కస్టమర్ నుంచి ఇంటి దాకా వెళ్లేది పని సమయమే అంది. ఆఫీసు తీసేసింది కంపెనీ, దాని భారం మనిషి నెత్తిన పెట్టకూడదన్నది అందులో తర్కం.

అమెరికా నిబంధనల్లో మీ కేసుకి అచ్చంగా సరిపోయే వాక్యం ఒకటుంది. రోజు పని ముగించి ఇంటికి వెళ్లినవాణ్ణి, రాత్రి మళ్లీ పిలిచి, కస్టమర్ దగ్గర అత్యవసర పని కోసం గణనీయమైన దూరం పంపితే ఆ ప్రయాణం అంతా పని గంటే. చిత్రం ఏమిటంటే, అదే రాత్రి కస్టమర్ దగ్గరికి కాక మామూలుగా రోజూ వెళ్లే సొంత ఆఫీసుకే పిలిస్తే ఆ నిబంధన ఏమీ తేల్చకుండా వదిలేసింది. కాబట్టి "ఎక్కడికి వెళ్లాను" అన్నది టైమ్‌షీట్‌లో ప్రతిసారీ రాయాలి. "కాల్‌కి వెళ్లాను" అని రాస్తే చాలదు.

మా టీమ్‌లో ఒకతని ఒక రాత్రి లెక్క చూపిస్తాను, అప్పుడు అన్నీ ఎక్కడ పడతాయో తెలుస్తుంది. డ్యూటీ సాయంత్రం ఆరుకి అయిపోయింది, ఆన్‌కాల్ పొద్దున ఎనిమిది దాకా, మొత్తం పద్నాలుగు గంటలు. 7:40కి గ్రూప్‌లో "రేపటి పార్ట్ స్టోర్‌లో ఉందా" అని అడిగారు, వెతికి జవాబు పెట్టేసరికి రెండు నిమిషాలు. 9:15కి ఆపరేటర్ ఫోన్, మెషీన్ ఆగిపోయింది, ఫోన్‌లోనే రీసెట్ చేయించాడు, 9:27కి అయింది. 1:50కి మళ్లీ ఫోన్. ల్యాప్‌టాప్ తెరిచి రిమోట్‌గా ప్రయత్నించాడు, లాభం లేదు. 2:05కి ఇంట్లోంచి బయల్దేరి 2:50కి చేరాడు. 4:10 దాకా రిపేర్. 4:55కి ఇంటికొచ్చి, ఫోటోలతో రిపోర్టు పంపేసరికి 5:05. పొద్దున ఎనిమిదికి మళ్లీ మామూలు డ్యూటీ.

కంపెనీ రాసింది 80 నిమిషాలు, 2:50 నుంచి 4:10. అసలు లెక్క ఇలా ఉంటుంది. 1:50 నుంచి 5:05 దాకా తెగకుండా 195 నిమిషాలు. దానికి రాత్రి తొమ్మిదింటి ఫోన్ 12, మెసేజ్ 2 కలిపితే 209 నిమిషాలు, అంటే 3 గంటల 29 నిమిషాలు. తేడా రెండు గంటల పైచిలుకు, ఒక్క రాత్రిలో. ఎదురుచూసిన మిగతా పదిన్నర గంటలు ఆ నెల కాల్స్ సంఖ్య చూస్తే అడిగేంత బలంగా లేవు, అందుకని అడగలేదు. తిరుగు ప్రయాణం మీద కంపెనీ మెలిక పెట్టింది, "రిపేర్ అయ్యాక నీ దారి నీది" అని. నడిరాత్రి కస్టమర్ గేటు బయట వదిలేసి దారి నీది అనడం కుదరదు, వెళ్లమన్నది మీరే కాబట్టి తిరిగి రావడమూ ఆ పనిలో భాగమే అన్నాం. ఒప్పుకున్నారు.

ఆ రాత్రిలో ఇంకో విషయం దాగుంది, డబ్బు కన్నా ముఖ్యమైనది. యూరప్ చట్టంలో రోజుకి పదకొండు గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలి. మా టీమ్ అబ్బాయి 5:05కి ఫ్రీ అయ్యాడు. పదకొండు గంటలు అంటే సాయంత్రం 4:05. కంపెనీ ఎనిమిదికే రమ్మంది. 9:27 నుంచి 1:50 దాకా నాలుగు గంటల పైన విశ్రాంతి దొరికింది కదా అంటారు. కానీ ఎడతెగకుండా అన్న మాట ఉంది. మధ్యలో తెగితే మళ్లీ మొదట్నుంచి లెక్కే. మీ దేశంలో ఈ రూల్ లేకపోయినా, కాల్ తర్వాత ఆలస్యంగా వచ్చే హక్కు రోస్టర్‌లో అడగడానికి ఇది మంచి కొలత. రెండు గంటల నిద్రతో కారు నడిపి, కరెంటు ప్యానెల్ ముందు నిలబడే మనిషి గురించి మాట్లాడుతున్నాం మనం.

ఇక మెసేజ్‌లు. ఇక్కడ కంపెనీ వాదన ఎప్పుడూ ఒకటే: "జవాబివ్వమని ఎవరూ చెప్పలేదు". అమెరికా నిబంధనలు దీనికి చక్కగా జవాబు చెప్తాయి. అడక్కపోయినా, జరుగుతోందని తెలిసి జరగనిచ్చిన పని కూడా పనే. వద్దనుకుంటే ఆపాల్సిన బాధ్యత మేనేజ్‌మెంట్‌ది. ఫలితం తీసుకుంటూ, చెయ్యమని అడగలేదు అనడం చెల్లదు. అందుకని మేనేజర్ రాత్రి పదిన్నరకి మీరు పెట్టిన జవాబు చూసి బొటనవేలు గుర్తు పెడితే, ఆ బొటనవేలే తెలిసిందనడానికి సాక్ష్యం.

రెండో వాదన "రెండు నిమిషాలకి ఏంటి లెక్క". అతి స్వల్పమైన, లెక్క రాయడానికి వీల్లేని క్షణాలను వదిలేయొచ్చని అమెరికా కోర్టులు 1946 నుంచి అంటూ వచ్చాయి. కానీ ఎప్పుడో ఒకసారి జరిగేదానికీ, రోజూ జరిగేదానికీ తేడా ఉంది. రోజుకి పది నిమిషాలు, నెలకి 22 పనిదినాలు అయితే 220 నిమిషాలు. మూడు గంటల నలభై నిమిషాలు. పైగా ప్రతి మెసేజ్‌కీ టైమ్ ముద్ర తనంతట తనే పడుతుంది, "రాయడం కష్టం" అనడానికి వీల్లేదు. రోజూ వచ్చేది, కొలవడానికి వీలైనది స్వల్పం కాదు.

అయితే ఫోన్‌కి వచ్చిన ప్రతిదీ పనే అనకండి, అక్కడ మీ మాట తేలికైపోతుంది. రేపు చూసుకోవచ్చు అనే సమాచారం వచ్చి, మీరు చదివి పక్కన పెట్టారు, అది పని కాదు. మీరు ఏదో తెరిచి, వెతికి, లెక్క చూసి జవాబిచ్చారు, అది పని. చాలామంది మర్చిపోయేది మూడో రకం. "గ్రూప్ మీద కన్నేసి ఉంచు" అని చెప్తే, ఆ కన్నేసి ఉంచే గంటలు ఆన్‌కాల్ లాంటివే, మళ్లీ వ్యవధి ఎంత, ఎన్నిసార్లు అన్న ప్రశ్నలు వాటికీ వర్తిస్తాయి. "వీలైతే చూడు" అన్న మెసేజ్ కింద "పొద్దున ఏడింటి మీటింగ్‌కి కావాలి" అని ఉంటే అది వీలైతే కాదు. ఆ రెండు లైన్లూ ఒకే స్క్రీన్‌షాట్‌లో పడేలా తీసుకోండి.

ఈమధ్య అందరూ మాట్లాడే "డిస్‌కనెక్ట్ అయ్యే హక్కు" వేరే సంగతి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి. ఆస్ట్రేలియాలో డ్యూటీ అయ్యాక వచ్చిన మెసేజ్ చూడకుండా, జవాబివ్వకుండా ఉండొచ్చు, ఆ నిరాకరణ అసమంజసం కానంత వరకు. ఎందుకు సంప్రదించారు, అందుబాటులో ఉన్నందుకు ఏమైనా ఇస్తున్నారా లాంటివి చూసి తేలుస్తారు. ఆన్‌కాల్ అలవెన్స్ తీసుకుంటూ ఆన్‌కాల్ రాత్రి ఫోన్ ఎత్తనంటే ఈ హక్కు మిమ్మల్ని కాపాడడం కష్టం. పైగా అది జవాబు ఇవ్వకుండా ఉండడానికి. జవాబు ఇచ్చాక ఆ టైమ్ లెక్క అడగడానికి పైన చెప్పిన దారే.

అడిగేటప్పుడు "ఓవర్‌టైమ్ ఇవ్వండి" అని మొదలుపెట్టకండి. మర్నాడే టైమ్‌షీట్‌లో మీ లెక్క మీరు రాసి, మేనేజర్‌కి రెండు లైన్లు పంపండి: "నిన్న రాత్రి 1:50కి కాల్ వచ్చింది. 2:05కి ఇంటి నుంచి బయల్దేరి కస్టమర్ సైట్‌కి వెళ్లి, 4:55కి తిరిగొచ్చి, 5:05కి రిపోర్టు పంపాను. టైమ్‌షీట్‌లో 3:15 గంటలు వేశాను, ఏదైనా తేడా ఉంటే చెప్పండి." కోపం లేదు, డిమాండ్ లేదు. జవాబు రాకపోతే ఆ లెక్క అలాగే ఉండిపోతుంది, తగ్గించమంటే ఎందుకో వాళ్లు రాసి ఇవ్వాలి. నెలాఖరుకి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన షీట్‌కి విలువ తక్కువ. ఫోన్‌లో కాల్ హిస్టరీ పాత ఎంట్రీలు పోతాయి, కాబట్టి ఆన్‌కాల్ వారం అయ్యాక దాని స్క్రీన్‌షాట్లు తీసి కంపెనీ ల్యాప్‌టాప్‌లో కాకుండా మీ దగ్గర పెట్టుకోండి. కస్టమర్ వివరాలు కనిపిస్తే అవి కప్పేయండి, లేకపోతే గొడవ రహస్య సమాచారం వైపు తిరుగుతుంది.

మీది గంటల లెక్క లేని మేనేజర్ స్థాయి ఉద్యోగం అయితే చాలా దేశాల్లో ఓవర్‌టైమ్ రూల్స్ వర్తించవు. మీరు టెక్నీషియన్ అన్నారు కాబట్టి బహుశా ఆ సమస్య రాదు. కానీ లెటర్‌లో హోదా ఏమని రాశారో ఒకసారి చూసుకోండి. కొన్ని చోట్ల "సర్వీస్ మేనేజర్" అని పేరు పెట్టి, కింద ఒక్క మనిషి కూడా లేకుండా టూల్‌కిట్ మోయిస్తారు. అక్కడ హోదా పేరు కాదు, రోజూ చేసే పనే చూస్తారు.

మా దగ్గర చివరికి తేలింది ఇది: ఎదురుచూపుకి రాత్రికి ఒక స్థిరమైన అలవెన్స్, గంటలుగా లెక్క లేదు. ఫోన్ మోగిన నిమిషం నుంచి ఇంటికొచ్చి రిపోర్టు పంపేదాకా పూర్తి పని గంటలు. అర్ధరాత్రి దాటాక బయటికి వెళ్లినవాడు మర్నాడు మధ్యాహ్నం తర్వాత వస్తాడు. రోస్టర్‌లో "సహేతుక సమయం" తీసేసి "ఫోన్ ఎత్తడానికి 20 నిమిషాలు, సైట్‌కి 75 నిమిషాలు" అని రాశారు.